ఫోన్ చంద్రుడి మీద గుంటలు: ఏవి తీసినవి, ఏవి గీసినవి? (నవమినాటి క్లావియస్ పరీక్ష)

పెద్దాపురం_క్లిక్
నా ఫోన్‌లో 10ఎక్స్ పెరిస్కోప్ లెన్సు ఉంది. మామూలు మోడ్‌లో 100ఎక్స్‌కి లాగి చంద్రుణ్ణి తీస్తే గుంటలు, అంచులు ఉలితో చెక్కినట్టు వస్తున్నాయి. అదే రాత్రి, అదే మేడ మీద నుంచి Pro మోడ్‌లో DNG రా ఫైలు తీస్తే బూడిద రంగు బంతి మీద మరకలు తప్ప ఏమీ లేవు. ఈ రెండింట్లో లెన్సు నిజంగా చూసింది ఏది? మొదటిది నిజం కాకపోతే ఆ తేడా కంటితో పట్టుకోవడం ఎలా? మా ఇంట్లో పాత డీఎస్ఎల్ఆర్, దానికి 70-300 లెన్సు కూడా ఉన్నాయి. ఏపీఎస్-సీ సెన్సర్, 24 మెగాపిక్సెల్. దానితో మెరుగ్గా వస్తుందా?

కెమెరావాలా_కుమార్
ఇందులో తెలియనిదేముంది బ్రో. ఫోన్‌లో చంద్రుడి ఫొటో ఒకటి ముందే పెట్టి ఉంచుతారు. నువ్వు అటు తిప్పగానే దాన్ని తెచ్చి అతికిస్తుంది. ఎప్పుడూ ఒకే ముఖం కనిపిస్తుంది కాబట్టి వాళ్లకి చాలా ఈజీ.

లలిత_ఆర్
కుమార్ గారూ, సగమే కరెక్ట్. ఫొటో అతికించడం అనేది తేలలేదు, శాంసంగ్ కూడా కాదనే చెప్పింది. 2023 మార్చిలో రెడిట్‌లో ఒకరు చంద్రుడి బొమ్మని 170×170 పిక్సెళ్లకి కుదించి, బాగా బ్లర్ చేసి, మానిటర్ మీద పెట్టి, గది చీకటి చేసి దూరం నుంచి శాంసంగ్ ఎస్23 అల్ట్రాతో తీశారు. బొమ్మలో లేని గుంటలు ఫొటోలో వచ్చాయి. ఆ గొడవ తర్వాత కంపెనీ ఇచ్చిన వివరణ ఏమిటంటే: ఫోన్ ముందు అది చంద్రుడని గుర్తుపడుతుంది, చాలా ఫ్రేములు కలిపి నాయిస్ తగ్గిస్తుంది, ఆపైన చంద్రుడి చిత్రాలతో నేర్పించిన మోడల్ వివరాలని 'మెరుగుపరుస్తుంది'. అంటే అతికించదు, తనకు తెలిసిన దాన్నిబట్టి గీస్తుంది. కెమెరా సెట్టింగుల్లో Scene optimizer ఆపేస్తే ఈ పని జరగదని కూడా వాళ్లే చెప్పారు.

ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో చేయొచ్చు. బ్లర్ చేసిన బొమ్మలో ఒక మూల నునుపైన బూడిద రంగు చతురస్రం అద్ది మళ్లీ తీయండి. ఆ చతురస్రంలో కూడా గరుకు, గుంటలు మొలిస్తే ఇక వాదన అక్కర్లేదు.

గుట్టమీద_టెలిస్కోప్
మానిటర్ పరీక్ష బాగానే ఉంటుంది గానీ, అది ఫోన్ గీయగలదని చెబుతుంది, మీరు నిన్న తీసిన ఫొటోలో ఏది గీసిందో చెప్పదు. దానికి ఇంకో దారి ఉంది: ఆ లెన్సుకి అసలు ఎంత చిన్నది కనిపించగలదో ముందే లెక్కగట్టడం.

ఫోన్ మీద 10ఎక్స్ లెన్సుని 230 మి.మీ. అని రాస్తారు. అది ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో పోల్చి చెప్పే సంఖ్య. పెద్దాపురం గారిది ఎఫ్/4.9 పెరిస్కోప్ అనుకుంటాను. అయితే అసలు ఫోకల్ లెంగ్త్ 27 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. 27ని 4.9తో భాగిస్తే కాంతి లోపలికి పోయే రంధ్రం 5.5 మి.మీ. చీకట్లో మన కంటిపాప తెరుచుకునేది కూడా ఇంచుమించు అంతే.

రంధ్రం ఎంత చిన్నదైతే కాంతి అంత ఎక్కువగా పరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా దీన్ని తప్పించలేదు. జంట నక్షత్రాలు విడిగా కనిపించడానికి 19వ శతాబ్దంలో డాస్ అనే పరిశీలకుడు ఇచ్చిన లెక్కని చంద్రుడి దూరానికి మార్చుకుంటే ఇలా వస్తుంది:

```
216 / రంధ్రం (మి.మీ.) = విడిగా కనిపించే అతి చిన్న దూరం (కి.మీ.)
```

మీ ఫోన్‌కి 216/5.5, అంటే సుమారు 39 కి.మీ. చంద్రుడి మీద పెద్ద బిలాల్లో టైకో వెడల్పు 85 కి.మీ., కోపర్నికస్ 93 కి.మీ. రెండూ మీ లెన్సుకి రెండేసి చుక్కలంత. 'అక్కడ గుండ్రంగా ఏదో ఉంది' అనేంత వరకే. కోపర్నికస్ లోపల మెట్లు మెట్లుగా గోడలు, మధ్యలో కొండలు కనిపిస్తున్నాయంటే అవి ఆ 5.5 మి.మీ. దారిలో వచ్చినవి కావు. మీ DNGలో ఉన్న మరకలే మీ లెన్సు చూసిన చంద్రుడు.

300 మి.మీ. లెన్సు ఎఫ్/5.6 దగ్గర రంధ్రం 53 మి.మీ. లెక్క 4 కి.మీ. అని చెబుతుంది. కానీ అక్కడ ఇంకో అడ్డు ఉంది, పిక్సెళ్లు. సెన్సర్ మీద చంద్రుడి బొమ్మ ఫోకల్ లెంగ్త్‌లో 110వ వంతు ఉంటుంది. 300కి 2.7 మి.మీ. మీ 24 మెగాపిక్సెల్ సెన్సర్‌లో అది అటూ ఇటుగా 700 పిక్సెళ్లు. చంద్రుడి వ్యాసం 3474 కి.మీ. కాబట్టి ఒక్కో పిక్సెల్‌కి 5 కి.మీ. ఒక వస్తువు తెలియాలంటే కనీసం రెండు పిక్సెళ్లు కావాలి. కాబట్టి నిజమైన హద్దు 10 కి.మీ. ఫోన్ కన్నా దాదాపు నాలుగు రెట్లు నయం. పాత కెమెరానే బయటికి తీయండి.

విక్రమ్_ఫ్యాన్
అన్నా, అయితే 300 లెన్సుతో చంద్రయాన్-3 దిగిన చోటు తీయొచ్చా? ల్యాండర్ చుక్కలాగైనా కనిపిస్తుందా?

గుట్టమీద_టెలిస్కోప్
తమ్ముడూ, ల్యాండర్ రెండు మీటర్ల వస్తువు. మన హద్దు పది వేల మీటర్లు. భూమి మీదున్న ఏ టెలిస్కోపుకీ అది దొరకదు. దిగిన చోటు 69 డిగ్రీల దక్షిణాన, మాంజినస్ అనే బిలానికి దగ్గర్లో ఉంది. ఆ బిలం వంద కి.మీ. దాకా ఉంటుంది కాబట్టి అంచున నొక్కిన గీతలా దొరుకుతుంది. ఆ ప్రాంతమైతే తీయొచ్చు. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ అడుగు.

నీలాటిరేవు
లెక్క ఒప్పుకుంటాను గానీ ఒక మెలిక ఉంది. డాస్ లెక్క రెండు చుక్కలు విడిపోవడానికి. ఒంటరి గీత తెలియడానికి అంత అక్కర్లేదు. రూపెస్ రెక్టా అనే తిన్నని గోడ 110 కి.మీ. పొడవుంటుంది, దాని నీడ వెడల్పు కొద్ది కి.మీ. మాత్రమే. అయినా అష్టమి దాటాక 300 లెన్సులో నల్లటి వెంట్రుకలా పడుతుంది. కాబట్టి 'హద్దు కన్నా చిన్నది కనిపిస్తే అబద్ధం' అనేయకూడదు.

గుట్టమీద_టెలిస్కోప్
నిజమే, ఆ సవరణ కావాలి. పొడుగాటి నల్లని గీత ఉందని తెలుస్తుంది, దాని వెడల్పు ఎంతో తెలియదు. గుండ్రటి బిలాలకి ఆ వెసులుబాటు బాగా తక్కువ. అందుకే పరీక్షకి గీతల్ని వదిలేసి బిలాల వరుసని పట్టుకోవాలి. దానికి క్లావియస్‌ని మించింది లేదు.

టైకోకి దక్షిణాన ఉండే పెద్ద పళ్లెం అది, వెడల్పు 231 కి.మీ. దక్షిణపు గోడ దగ్గర రూథర్‌ఫర్డ్ మొదలై, పళ్లెం లోపల కొడవలి వంపులో బిలాలు ఒకదాని కన్నా ఒకటి చిన్నవవుతూ పోతాయి. రూథర్‌ఫర్డ్ 50 కి.మీ. ఉంటే, తర్వాత అక్షరాలతోనే పిలిచే డి 28, సి 21, ఎన్ 13, జె 12. కంటి డాక్టర్ దగ్గర అక్షరాల చార్టు ఎలాగో ఇది అలాగ. ఎక్కడి దాకా చదవగలిగారో అదే మీ లెన్సు చూపు.

ఒక్క జాగ్రత్త. క్లావియస్ 58 డిగ్రీల దక్షిణాన ఉంది కాబట్టి మనకి ఏటవాలుగా కనిపిస్తుంది, ఉత్తర దక్షిణాల కొలత దాదాపు సగానికి నొక్కుకుపోతుంది. 28 కి.మీ. ఉన్న డి అడ్డంగా 28, నిలువుగా 15 మాత్రమే. ఇక పెద్దాపురం గారి 300కి లెక్క చూడండి. రూథర్‌ఫర్డ్, డి స్పష్టంగా రావాలి. సి అడ్డంగా 21, నిలువుగా 11, హద్దు మీద కూర్చుంది, మచ్చలా వస్తే రావచ్చు. ఎన్, జె రాకూడదు. 10ఎక్స్ ఫోన్‌కైతే రూథర్‌ఫర్డ్ కూడా విడిగా రాదు, క్లావియస్ మొత్తం వెలుగు అంచున ఒక నొక్కులా కనిపిస్తుంది. ఫోన్ ఫొటోలో ఈ కొడవలి వరుస వచ్చిందంటే గీసిందే.

పెద్దాపురం_క్లిక్
ఇప్పుడు అర్థమైంది. మరి ఏ రోజు తీయాలి? పౌర్ణమినాడే బాగా వెలుగుంటుంది కదా.

గుట్టమీద_టెలిస్కోప్
పౌర్ణమి వద్దు. ఆ రోజు సూర్యకాంతి మన వెనక నుంచి సూటిగా పడుతుంది కాబట్టి నీడలుండవు, నీడ లేకపోతే గుంట తెలియదు. ఫోన్ గీతలకి బాగా నప్పేది కూడా పౌర్ణమే, ఎందుకంటే ఎప్పుడూ ఒకే బొమ్మ. క్లావియస్‌లో సూర్యోదయమయ్యేది శుద్ధ నవమి దరిదాపుల్లో. అప్పుడు వెలుగునీడల గీత ఆ పళ్లెం మీదుగా పోతుంది. మరీ ముందుగా చూస్తే పళ్లెం అడుగు నల్లగా ఉండి గోడలే వెలుగుతాయి, కొన్ని గంటలు ఆగితే లోపలి బిలాలు తేలతాయి.

నవములన్నీ ఒకటి కావు. శ్రీరామనవమినాడు పొద్దుగుంకాక చంద్రుడు హైదరాబాద్‌లో దాదాపు నడినెత్తిన ఉంటాడు, గాలి పొర పల్చన. అదే దసరా ముందరి మహానవమినాడు దక్షిణంగా సగం ఎత్తుకే వస్తాడు, గాలి ఎక్కువ, వణుకూ ఎక్కువ. అయితే చైత్రంలో ఒక చిక్కు: పగలంతా కాగిన మేడ స్లాబు సరిగ్గా ఆ గంటల్లోనే వేడి కక్కుతుంది. లైవ్ వ్యూలో చంద్రుడి అంచు మరిగే నీళ్లలా కదిలితే అదే కారణం. మేడ దిగి పెరట్లో మట్టి మీద, గడ్డి మీద ట్రైపాడ్ వేయండి.

డాలస్_శీను
ఇక్కడ కూడా సేమ్. కాంక్రీట్ డ్రైవ్‌వే మీద పెడితే ఉడికిపోతుంది, వెనక లాన్‌లో ఓకే. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీదుగా మాత్రం గురిపెట్టకండి.

కెమెరావాలా_కుమార్
సెట్టింగ్స్ నేను చెప్తా. ఎఫ్/11, ఐఎస్ఓ 100, 1/100. చంద్రుడికి ఎప్పుడైనా ఇదే, కళ్లు మూసుకుని కొట్టేయొచ్చు.

లలిత_ఆర్
అది పౌర్ణమి సూత్రం కుమార్ గారూ. నవమినాడు చంద్రుడి నేల వెలుతురు బాగా తగ్గుతుంది, వెలుగునీడల గీత దగ్గర ఇంకా తక్కువ. ఆ సెట్టింగ్‌తో క్లావియస్ నల్లగా వస్తుంది. పైగా ఎఫ్/11కి లెన్సు మూస్తే రంధ్రం 27 మి.మీ. అవుతుంది, ఉన్న చూపే సగం పోగొట్టుకున్నట్టు. చవక 70-300లు పూర్తిగా తెరిస్తే కాస్త మెత్తగా ఉంటాయి కాబట్టి ఎఫ్/8 మధ్యేమార్గం. ఎఫ్/8, ఐఎస్ఓ 200, 1/125 నుంచి మొదలుపెట్టి, చంద్రుడి వెలుగు అంచు పూర్తిగా తెల్లబడకుండా హిస్టోగ్రామ్ చూసుకుంటూ సర్దండి.

ఎక్కువ మంది పాడుచేసేది ఫోకస్. లెన్సు మీద ఇన్ఫినిటీ గుర్తుని నమ్మకండి, చాలా లెన్సులు దాన్ని దాటి తిరుగుతాయి. ఆటోఫోకస్ ఆపి, లైవ్ వ్యూ 10ఎక్స్‌లో వెలుగునీడల గీత మీద ఒక బిలం పెట్టుకుని, రింగుని అటూ ఇటూ దాటిస్తూ మధ్యకి రండి. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆపాలి, యూవీ ఫిల్టర్ తీసేయాలి, అద్దం ముందే పైకి లేపి ఉంచే సెట్టింగ్ ఉంటే పెట్టాలి, టైమర్ 2 సెకన్లు చాలకపోతే 10 పెట్టాలి. నడినెత్తికి గురిపెడితే ట్రైపాడ్ తల జారుతుంది, మధ్య కర్ర పైకి లాగకుండా కాళ్లు దగ్గరికి మూసి కిందే ఉంచండి.

పెద్దాపురం_క్లిక్
ఫోన్‌తో నిజాయితీగా తీయాలంటే? కెమెరా మోసుకెళ్లలేని రోజులుంటాయి.

లలిత_ఆర్
Scene optimizer ఆపండి, Pro మోడ్‌లో RAW పెట్టండి, 10ఎక్స్ లెన్సు మీటే నొక్కండి. ఆ లెన్సే పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి వేలితో దాన్ని మూయండి. తెర నల్లబడకపోతే ఫోన్ చడీచప్పుడు లేకుండా మెయిన్ కెమెరాని క్రాప్ చేసి చూపిస్తోందన్నమాట. వెలుతురు చాలదనుకున్నప్పుడల్లా ఫోన్లు ఈ పని చేస్తాయి. ఐఎస్ఓ 50, షట్టర్ నవమికి 1/60 నుంచి 1/100 మధ్య, ఫోకస్ మాన్యువల్‌లో కొండ గుర్తు దగ్గర. పక్క నుంచి బిగించే క్లిప్ ట్రైపాడ్, టైమర్. 30 DNGలు తీసి కలిపితే నాయిస్ పోతుంది. 39 కి.మీ. హద్దు మాత్రం అక్కడే ఉంటుంది.

గుట్టమీద_టెలిస్కోప్
ఫోన్ హద్దు దాటాలంటే రంధ్రం పెంచాలి, దానికి చవక దారి బైనాక్యులర్. 10×50 బైనాక్యులర్‌ని ట్రైపాడ్‌కి బిగించి, కంటి వైపు రబ్బరు మడిచి, ఫోన్ 3ఎక్స్ లెన్సుని దాని వెనక ఆనించండి. 3ఎక్స్ లెన్సు రంధ్రం సుమారు 3.3 మి.మీ. ముందు పది రెట్ల బైనాక్యులర్ ఉంటే అది 33 మి.మీ. పనిచేస్తుంది. హద్దు 6.5 కి.మీ.! బొమ్మ కూడా 600 పిక్సెళ్లు దాటుతుంది. అంటే మీ 300 లెన్సుకి దగ్గర్లో. 10ఎక్స్ లెన్సు ఆనిస్తే ఇంకా బాగుంటుందని చాలామంది అనుకుంటారు. దాని రంధ్రం బైనాక్యులర్ నుంచి వచ్చే 5 మి.మీ. కాంతి కట్ట కన్నా పెద్దది, కాబట్టి కొంత వృథా, పైగా బొమ్మ మసకబారి వణుకు మూడింతలవుతుంది.

కష్టమంతా ఫోన్ లెన్సు, బైనాక్యులర్ రెండింటి మధ్యల్ని ఒకే గీతలోకి తేవడంలో ఉంది. మిల్లీమీటరు పక్కకి జరిగితే చంద్రుడు ఒక వైపు నల్లబడతాడు. చేత్తో పట్టుకుంటే కుదరదు, ఫోన్ అడాప్టర్ కావాలి.

నీలాటిరేవు
ఫ్రేములు కలపడం, తర్వాత పదును పెట్టడం... అది మాత్రం గీయడం కాదా? పదును పెట్టే సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌లెట్ స్లైడర్ లాగి తెచ్చిన గుంటకీ ఫోన్ గీసిన గుంటకీ తేడా ఏమిటి?

లలిత_ఆర్
తేడా ఉంది. కలిపి పదును పెట్టడంలో వాడేది ఆ రాత్రి మీ సెన్సర్ మీద పడిన కాంతినే. ఫోన్ మోడల్ వేరే రాత్రుల, వేరే లెన్సుల చంద్రుళ్లని తెచ్చి కలుపుతుంది. కానీ పదును కూడా అబద్ధమాడగలదు, అది ఒప్పుకోవాలి.

80 రా ఫ్రేములు తీశారనుకోండి. TIFFగా మార్చి, `PIPP`లో చంద్రుణ్ణి మధ్యకి తెచ్చి కత్తిరించి, `AutoStakkert!`లో మంచివి 25 శాతం కలిపి, `RegiStax`లో వేవ్‌లెట్లతో పదును పెడతాం. ఎక్కువైతే మొదట తెలిసేది చంద్రుడి అంచు దగ్గర: లోపల తెల్లటి వలయం, బయట ఆకాశం కన్నా నల్లటి గీత. అక్కడ వలయం వచ్చిందంటే ప్రతి బిలం చుట్టూ కూడా వచ్చే ఉంటుంది, మీరు దాన్ని గోడ అనుకుంటున్నారు.

రెండో పరీక్ష: సరి సంఖ్య ఫ్రేములు ఒక కట్ట, బేసి ఫ్రేములు ఇంకో కట్ట. రెంటికీ ఒకే సెట్టింగ్ పెట్టి, ఒకదాని మీద ఒకటి వేసి మారుస్తూ చూడండి. ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేనిది నాయిస్. ఈ పరీక్ష వలయాల్ని పట్టుకోదు, అవి రెంటిలోనూ ఒకేలా వస్తాయి. అందుకే అంచు కూడా చూడాలి.

నీలాటిరేవు
'ఆ రాత్రి కాంతి' అనే గీత బాగుంది గానీ, కంపెనీ కూడా అనేక ఫ్రేములు కలుపుతున్నామనే అంటోంది. మోడల్ ఎంత కలిపిందో బయటివాళ్లకి తెలియదు. నాకు ఇంకా పూర్తిగా సమ్మతం కాలేదు.

పెద్దాపురం_క్లిక్
నవమినాడు పెరట్లోంచి తీశాను. ఎఫ్/8, ఐఎస్ఓ 200, 1/100, 84 ఫ్రేములు. రూథర్‌ఫర్డ్ రెండు కట్టల్లోనూ స్పష్టంగా ఉంది, డి కూడా. ఎన్, జె లేవు. సి మాత్రం సరి కట్టలో చిన్న నల్ల మచ్చ, బేసిలో బూడిద రంగు. అంచు దగ్గర సన్నటి తెల్ల వలయం వచ్చింది, రెండో వేవ్‌లెట్ పొర తగ్గిస్తే పోయింది. కానీ దానితో సి కూడా పల్చబడింది. అదే రోజు ఫోన్ 100ఎక్స్‌లో తీస్తే పళ్లెం నిండా చిన్న గుంటలు ఉన్నాయి, కొడవలి వంపు మాత్రం లేదు!

గుట్టమీద_టెలిస్కోప్
ఫోన్ సంగతి తేలింది. గుంటలుండి వరుస లేదంటే చర్మం గీసింది, ముఖం తెలియదు.

సి గురించి: బేసి కట్టలో మంచి ఫ్రేములు తక్కువ పడి ఉండొచ్చు. ఒక్కో కట్టకి 42 ఫ్రేముల్లో 25 శాతమంటే పదే కదా. 300 ఫ్రేములు తీసి మళ్లీ విడదీయండి. నాసా వాళ్ల `Dial-A-Moon`లో మీరు తీసిన గంట పెట్టి నీడలు ఎటు పడ్డాయో కూడా పోల్చుకోండి. దశమినాటికి అక్కడ సూర్యుడు పైకి వస్తాడు, నీడలు కురచవుతాయి. కాబట్టి వచ్చే నెల నవమికే చూడాలి.

కెమెరావాలా_కుమార్
300 ఫ్రేములంటే షట్టర్ అరిగిపోదా? వీడియో తీస్తే సరిపోదా?

లలిత_ఆర్
మీ కెమెరాలో వీడియో మొత్తం సెన్సర్‌ని 1080కి కుదించి రాస్తుందా, మధ్య భాగాన్నే పిక్సెల్‌కి పిక్సెల్ రాస్తుందా? కుదిస్తే చంద్రుడు 700 నుంచి 220 పిక్సెళ్లకి పడిపోతాడు, ఫోన్ దగ్గరికే తిరిగొచ్చినట్టు. క్రాప్ వీడియో మోడ్ ఉంటే మాత్రం తీయండి. మోడల్ పేరు చెబితే చూస్తాను.